మొలకెత్తిన పెసల శ్వాసక్రియ రేటును సరళమైన రెస్పిరోమీటరుతో కొలవడం, ఫలితాన్ని వివరించడం

గాజు నాళికలో మొలకెత్తిన పెసలు పోసి, గాలి చొరబడకుండా బిరడా బిగించి, దానికి తగిలించిన సన్నని గొట్టంలో ఒక రంగునీటి చుక్కను నిలిపితే ఆ చుక్క దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. గింజలు శ్వాసించడం లేదని దీని అర్థం కాదు. అవి ఎంత ఆక్సిజన్‌ను తీసుకుంటున్నాయో ఇంచుమించు అంతే ఘనపరిమాణంలో కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతున్నాయి కాబట్టి లోపలి వాయువు మొత్తం మారడం లేదు. పిండిపదార్థం ఇంధనంగా ఉన్నప్పుడు జరిగే చర్యలో ఈ సమానత్వం స్పష్టంగా కనిపిస్తుంది.

```
C6H12O6 + 6O2 → 6CO2 + 6H2O
```

ఆరు అణువుల ఆక్సిజన్ పోతే ఆరు అణువుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన సంఖ్యలో ఉన్న వాయు అణువులు సమానమైన చోటును ఆక్రమిస్తాయి. అందువల్ల శ్వాసక్రియను చుక్క కదలికగా మార్చాలంటే ఈ రెండింటిలో ఒకదాన్ని లెక్క నుంచి తప్పించాలి. నాళిక అడుగున పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఉంచితే అది కార్బన్ డయాక్సైడ్‌ను వెలువడిన వెంటనే పీల్చేసుకుని కార్బొనేటుగా మారుస్తుంది. ఇక మిగిలేది ఆక్సిజన్ తగ్గుదల ఒక్కటే. లోపలి వాయువు కుంచించుకుపోతుంది, చుక్క నాళిక వైపు జరుగుతుంది, ఆ జరుగుడును మిల్లీలీటర్లలో చదువుతాం. ఈ అమరికనే రెస్పిరోమీటరు అంటారు.

సూత్రం ఇంతే అయినా, చుక్క జరగడానికి ఆక్సిజన్ వినియోగం ఒక్కటే కారణం కాదు. నీటితొట్టి కొంచెం చల్లబడినా, వాతావరణ పీడనం మారినా, గింజలపై బ్యాక్టీరియా పెరిగినా చుక్క కదులుతుంది. ఈ కదలికల్లో గింజలది ఎంతో విడదీసి చెప్పగలగడమే ఈ ప్రయోగంలోని అసలు పని. అందుకే దీన్ని ఒక నాళికతో కాక మూడు నాళికలతో చేయాలి.

మూడు నాళికలు, వాటి పనులు

మొదటిది క్షార నాళిక. ఇందులో బతికున్న మొలకలు, పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటాయి. ఇది ఆక్సిజన్ వినియోగాన్ని చూపుతుంది. రెండవది నియంత్రణ నాళిక. ఇందులో ఉడికించి చంపిన మొలకలు, అదే పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటాయి. ఇక్కడ శ్వాసక్రియ లేదు కాబట్టి చుక్క ఎంత కదిలినా అది ఉష్ణోగ్రత, పీడనాల మార్పు వల్లనే. మూడవది నీటి నాళిక. ఇందులో బతికున్న మొలకలు ఉంటాయి కానీ పొటాషియం హైడ్రాక్సైడ్‌కు బదులు మామూలు నీరు ఉంటుంది. ఇది ఆక్సిజన్‌కూ కార్బన్ డయాక్సైడ్‌కూ మధ్య తేడాను చూపుతుంది. గింజ ఏ ఇంధనాన్ని కాలుస్తోందో తెలుసుకోవడానికి దీని అవసరం ఉంటుంది.

చాలామంది విద్యార్థులు రెండవ నాళికను అలంకారంగా భావించి వదిలేస్తారు. అది ఎంత అవసరమో ఒక చిన్న లెక్కతో తేలుతుంది. నాళికలో సుమారు 40 మి.లీ. గాలి ఉందనుకుందాం. 30 డిగ్రీల సెల్సియస్ అంటే 303 కెల్విన్. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గితే గాలి 303వ వంతు, అంటే దాదాపు 0.13 మి.లీ. కుంచించుకుపోతుంది. లోపలి గాలి తేమతో నిండి ఉంటుంది కాబట్టి చల్లబడినప్పుడు కొంత నీటి ఆవిరి కూడా ద్రవంగా మారుతుంది. రెండూ కలిపితే డిగ్రీకి 0.2 మి.లీ. పైన ఉంటుంది. అయిదు గ్రాముల మొలకలు అంత ఆక్సిజన్‌ను వాడుకోవడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. నియంత్రణ నాళిక లేకపోతే తొట్టి చల్లబడటాన్ని శ్వాసక్రియగా చదివే ప్రమాదం ఉంది.

పరికరాన్ని అమర్చడం

నాళికలుగా 25 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవు ఉన్న బాయిలింగ్ ట్యూబులు సరిపోతాయి. ఒక్కొక్క దానికి రెండు రంధ్రాల రబ్బరు బిరడా కావాలి. ఒక రంధ్రంలో చిన్న గాజుగొట్టం దూర్చి, దానికి పొట్టి సిలికాన్ గొట్టం ద్వారా 1 మి.లీ. గాజు పిపెట్టును కలపాలి. పిపెట్టుపై 0.01 మి.లీ. విభాగాలు ఉండాలి. దాన్ని తొట్టి అంచుపై చెక్కపలక పెట్టి అడ్డంగా, సమతలంగా పడుకోబెట్టాలి. రెండవ రంధ్రంలోని గాజుగొట్టానికి మందుల దుకాణంలో దొరికే త్రీ-వే స్టాప్‌కాక్‌ను, దానికి 5 మి.లీ. సిరంజిని అమర్చాలి. చుక్కను కావలసిన గీత దగ్గరికి తీసుకురావడానికీ, ఒకసారి కొలత అయ్యాక వెనక్కి నెట్టడానికీ ఈ సిరంజి ఉపయోగపడుతుంది. కొలత జరుగుతున్నంతసేపు మాత్రం స్టాప్‌కాక్‌ను నాళిక వైపు మూసి ఉంచాలి. సిరంజిలోని గాలి తొట్టి బయట ఉంటుంది కాబట్టి గది వేడికి అది వ్యాకోచించి లెక్కను చెడగొడుతుంది. సిలికాన్ గొట్టం పొట్టిగా ఉండాలనడానికీ ఇదే కారణం.

గీతలున్న పిపెట్టు దొరక్కపోతే ఏకరీతిగా ఉన్న సన్నని గాజుగొట్టాన్ని వాడవచ్చు, కానీ దాన్ని ముందుగా క్రమాంకనం చేయాలి. దీనికి ఇన్సులిన్ సిరంజి చక్కగా పనికొస్తుంది. మన దగ్గర దొరికే 40 యూనిట్ల సిరంజిలో 40 యూనిట్లు కలిసి 1 మి.లీ. అవుతాయి కాబట్టి 4 యూనిట్లు అంటే 0.1 మి.లీ. గొట్టంలో చుక్కను నిలిపి, వెనుక నుంచి 4 యూనిట్ల గాలిని నెట్టి, చుక్క ఎన్ని సెంటీమీటర్లు జరిగిందో స్కేలుతో కొలవాలి. గొట్టంలో వేర్వేరు చోట్ల నాలుగైదుసార్లు ఇలా చేసినప్పుడు దూరాలు ఒకేలా వస్తేనే ఆ గొట్టం ఏకరీతిగా ఉన్నట్టు.

చుక్క కోసం నీటిలో కొద్దిగా సిరా, ఒక బొట్టు గిన్నెలు తోమే ద్రవం కలపాలి. సబ్బు లేని నీరు గాజు గోడకు అంటుకుని, కాసేపు ఆగి ఒక్కసారిగా జారుతుంది. అప్పుడు పాఠ్యాంకాలు మెట్లు మెట్లుగా వస్తాయి. పిపెట్టును కూడా ముందే సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. చుక్క పొడవు దాదాపు ఒక సెంటీమీటరు ఉంటే చాలు.

క్షారాన్ని సిద్ధం చేయడం

పొటాషియం హైడ్రాక్సైడ్ 15 గ్రాములను నీటిలో కరిగించి మొత్తం 100 మి.లీ. చేయాలి. కరిగేటప్పుడు బాగా వేడి పుడుతుంది కాబట్టి బోరోసిలికేట్ బీకరులో ముందు నీరు పోసి, బిళ్ళలను కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి. బిళ్ళల మీద నీరు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్ళజోడు తప్పనిసరి. ఈ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పొరపాటున పడితే వెంటనే ధారగా నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ద్రావణాన్ని నోటితో పిపెట్టులోకి ఎప్పుడూ పీల్చకూడదు, డ్రాపరునో సిరంజినో వాడాలి. పదో తరగతి లోపు పిల్లలు ఈ మెట్టును ఉపాధ్యాయుడి చేతుల మీదుగానే చేయించుకోవాలి.

దీనికి బదులు సున్నపు తేట వాడకూడదా అని తరచూ అడుగుతారు. అది కార్బన్ డయాక్సైడ్‌కు పాలలా మారడం అందరికీ తెలుసు కాబట్టి ఈ ప్రశ్న సహజమే. అయితే ఒక లీటరు తేటలో కరిగి ఉండే సున్నం ఒకటిన్నర గ్రాముల చిల్లర మాత్రమే. 2 మి.లీ. తేట ఒక మిల్లీలీటరు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునేసరికి అందులోని సున్నం అయిపోతుంది. అదే 2 మి.లీ. 15 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ 60 మి.లీ. పైగా పీల్చుకోగలదు. కార్బన్ డయాక్సైడ్ ఉందని చూపడానికి తేట సరిపోతుంది, దాన్ని పూర్తిగా తొలగించడానికి సరిపోదు.

మొలకలను సిద్ధం చేయడం

పెసలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. అవి త్వరగా, దాదాపు అన్నీ ఒకేసారి మొలకెత్తుతాయి, వాటి నిల్వ ఆహారంలో పిండిపదార్థమే ఎక్కువ. ఒక 20 గ్రాముల పెసలను రాత్రంతా నానబెట్టి, నీరు వంపేసి, తడి బట్టలో కట్టి ఒక రోజు ఉంచితే సెంటీమీటరు పొడవున్న మొలకలు వస్తాయి. పగిలినవి, మెత్తబడినవి, మొలకెత్తనివి ఏరి పారేయాలి. తర్వాత ఒక పాలు గృహావసరాల బ్లీచు ద్రవానికి నాలుగు పాళ్ళ నీరు కలిపి, అందులో అయిదు నిమిషాలు ఉంచి, నాలుగైదుసార్లు మంచినీటితో కడగాలి. గింజ తొక్కపై ఉండే సూక్ష్మజీవులు కూడా శ్వాసిస్తాయి, వాటి వాటాను వీలైనంత తగ్గించడం కోసమే ఈ మెట్టు.

కడిగిన మొలకలను వడకట్టి, పాత నూలు బట్ట మీద పరచి పైతడి పూర్తిగా అద్దాలి. ఇది చిన్న విషయంలా కనిపించినా ఫలితాన్ని మార్చేస్తుంది. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. గింజల చుట్టూ నీటి పొర నిలిచి ఉంటే లోపలి కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు, కొలిచిన రేటు నిజమైన దానికంటే తక్కువ వస్తుంది.

ఇప్పుడు 5.0 గ్రాముల చొప్పున మూడు భాగాలు తూచాలి. ఒక భాగాన్ని మరిగే నీటిలో అయిదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, మళ్ళీ బ్లీచు నీటిలో పది నిమిషాలు ఉంచి, కడిగి, తడి అద్దాలి. ఉడికిన గింజ బ్యాక్టీరియాకు మంచి ఆహారం కాబట్టి రెండోసారి బ్లీచు తప్పదు. ఉడికిన మొలకలు కొంచెం ఉబ్బవచ్చు. కొలపాత్రలో నీటిలో ముంచి ఘనపరిమాణం చూసి, అది తక్కిన రెండు భాగాలకు సమానం కాకపోతే తేడా ఎంత ఉందో అంత గాజుపూసలతో సరిచేయాలి. మూడు నాళికల్లోనూ మిగిలే గాలి సమానంగా ఉన్నప్పుడే ఒక నాళిక కదలికను మరొక దాని నుంచి తీసివేయడం న్యాయం.

నింపి, కొలిచే క్రమం

ప్రతి నాళిక అడుగున వదులుగా దూది పెట్టి, క్షార, నియంత్రణ నాళికల్లో దాని మీద 2 మి.లీ. పొటాషియం హైడ్రాక్సైడ్, నీటి నాళికలో 2 మి.లీ. నీరు పోయాలి. ద్రావణం నాళిక గోడలకు తగలకూడదు, తగిలితే మొలకలు మాడిపోతాయి. దాని మీద పొడి దూది పలుచగా పరచి, ఆపైన దోమతెర ముక్క పెట్టి, ఆ మీద మొలకలు పోయాలి. దూదిని గట్టిగా కూరితే కార్బన్ డయాక్సైడ్ క్షారం దాకా సులభంగా చేరలేదు. బిరడా అంచుకు పలుచగా వాసలిన్ రాసి బిగించాలి.

మూడు నాళికలనూ బిరడా అంచు దాకా మునిగేలా ఒకే బకెట్టులో, 30 డిగ్రీల నీటిలో నిలబెట్టాలి. నీరు ఎంత ఎక్కువ ఉంటే ఉష్ణోగ్రత అంత నిలకడగా ఉంటుంది. పది లీటర్లకు తగ్గకుండా చూసుకోవడం మంచిది. స్టాప్‌కాక్‌లు బయటి గాలికి తెరిచి పది నిమిషాలు ఆగాలి. ఈలోగా లోపలి గాలి తొట్టి ఉష్ణోగ్రతకు వస్తుంది.

తర్వాత పిపెట్టు చివరను రంగునీటికి తాకించి, సిరంజితో మెల్లగా లాగి, చుక్కను బయటి చివరకు దగ్గరగా ఒక గీత మీద నిలపాలి. స్టాప్‌కాక్ మూసిన తర్వాత మొదటి రెండు మూడు నిమిషాల కదలికను లెక్కలోకి తీసుకోకూడదు. మూత బిగించేటప్పటి పీడనం సర్దుకోవడం, అప్పటికే నాళికలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ క్షారంలోకి పోవడం వంటివి ఆ కొద్దిసేపట్లో జరుగుతాయి. ఆ తర్వాత ఉన్న స్థానాన్ని సున్నాగా తీసుకుని, నాలుగు నిమిషాలకు ఒకసారి చొప్పున 20 నిమిషాల పాటు చుక్క లోపలి అంచును చదవాలి. ఎప్పుడూ ఒకే అంచును చదవాలి. ప్రతిసారీ తొట్టి ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి.

ఇరవై నిమిషాలకు మించి సాగదీయాల్సిన అవసరం లేదు. 40 మి.లీ. గాలిలో ఆక్సిజన్ 8.4 మి.లీ. ఉంటుంది. ఈ కాలంలో మొలకలు దానిలో పదో వంతు కూడా వాడవు కాబట్టి ఆక్సిజన్ కొరత రేటును ప్రభావితం చేయదు. గంటల తరబడి మూసి ఉంచితే మాత్రం ఆ మాట చెప్పలేం.

ఒక లెక్క, మొదటి నుంచి చివరి దాకా

కింది అంకెలు లెక్క కట్టే పద్ధతిని చూపడానికి తీసుకున్న నమూనా. చుక్క లోపలికి జరిగిన దూరాన్ని మిల్లీలీటర్లలో ఇచ్చాను.

| సమయం (నిమిషాలు) | క్షార నాళిక | నియంత్రణ నాళిక | సవరించిన విలువ |
|---|---|---|---|
| 0 | 0.00 | 0.00 | 0.00 |
| 4 | 0.16 | 0.02 | 0.14 |
| 8 | 0.30 | 0.03 | 0.27 |
| 12 | 0.45 | 0.05 | 0.40 |
| 16 | 0.59 | 0.06 | 0.53 |
| 20 | 0.74 | 0.08 | 0.66 |

నియంత్రణ నాళికలో చుక్క 0.08 మి.లీ. లోపలికి వచ్చింది. అంటే తొట్టి అర డిగ్రీ కంటే తక్కువే చల్లబడి ఉంటుంది. థర్మామీటరులో ఆ మార్పు సరిగా కనిపించకపోయినా చుక్క దాన్ని పట్టింది. క్షార నాళికలోనూ అదే చల్లదనం పనిచేసింది కాబట్టి ఆ మేరకు తీసివేస్తాం. ఒకవేళ నియంత్రణ చుక్క బయటికి జరిగి ఉంటే ఆ విలువను కలపాలి. ఈ గుర్తు దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. లోపలి కదలికను ధనాత్మకంగా, బయటి కదలికను ఋణాత్మకంగా రాసుకుని ఎప్పుడూ తీసివేతే చేస్తే గందరగోళం ఉండదు.

సవరించిన విలువలను గ్రాఫు కాగితం మీద సమయానికి ఎదురుగా గుర్తిస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. దాని వాలు నిమిషానికి 0.033 మి.లీ. గంటకు 1.98 మి.లీ. దాన్ని 5 గ్రాములతో భాగిస్తే తాజా బరువు గ్రాముకు గంటకు సుమారు 0.40 మి.లీ. ఆక్సిజన్ అవుతుంది. మొదటి, చివరి పాఠ్యాంకాలను మాత్రమే తీసుకున్నా ఇదే అంకె వస్తుంది కదా అనిపించవచ్చు. కానీ రేఖ గీస్తేనే మధ్యలో ఏదైనా చెడిందో లేదో తెలుస్తుంది.

ఈ 0.40 మి.లీ. 30 డిగ్రీల దగ్గరి తేమ వాయువు. వేరే ఉష్ణోగ్రతలో చేసినవారి ఫలితంతో పోల్చాలంటే దీన్ని ప్రమాణ స్థితికి మార్చాలి. 273ను 303తో భాగించి గుణించాలి, 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి ఆక్రమించే నాలుగు శాతాన్ని తీసేయాలి. అప్పుడు సుమారు 0.345 మి.లీ. వస్తుంది. ప్రమాణ స్థితిలో ఒక మోలు వాయువు 22.4 లీటర్లు కాబట్టి ఇది దాదాపు 15 మైక్రోమోళ్ళు. ఒక గ్లూకోజ్ అణువుకు ఆరు ఆక్సిజన్ అణువులు కావాలి గనుక 2.6 మైక్రోమోళ్ళ గ్లూకోజ్, అంటే అర మిల్లీగ్రాముకు కొంచెం తక్కువ చక్కెర, ఒక గ్రాము మొలకల్లో గంటకు ఖర్చవుతోంది. ఈ అంకె నాకు ఎంతో ఇష్టమైనది. రోజుకు గ్రాముకు 11 మిల్లీగ్రాములు కరిగిపోతున్నా మొలక బరువు పెరుగుతూ కనిపిస్తుంది, ఎందుకంటే ఆ పెరుగుదల నీటిది. పొడి బరువు తూస్తే తగ్గుదల బయటపడుతుంది.

నీటి నాళిక చెప్పేది

నీటి నాళికలో, నియంత్రణ సవరణ చేశాక, 20 నిమిషాల్లో చుక్క 0.02 మి.లీ. లోపలికి జరిగిందనుకుందాం. ఈ కదలిక అంటే వాడిన ఆక్సిజన్ నుంచి వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను తీసివేయగా మిగిలినది. ఆక్సిజన్ 0.66 అని క్షార నాళిక చెప్పింది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ 0.64 మి.లీ. రెండవదాన్ని మొదటిదానితో భాగిస్తే శ్వాసక్రియా కోషెంట్ 0.97 వస్తుంది.

ఇంధనం పిండిపదార్థమైతే ఈ విలువ 1, కొవ్వు అయితే దాదాపు 0.7. కొవ్వులో కార్బన్, హైడ్రోజన్‌లతో పోలిస్తే ఆక్సిజన్ చాలా తక్కువ కాబట్టి దాన్ని కాల్చడానికి బయటి నుంచి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. ట్రైపామిటిన్ అనే కొవ్వు రెండు అణువులకు 145 ఆక్సిజన్ అణువులు పోతే 102 కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి, నిష్పత్తి 0.70.

మరి 0.97 అంటే పెసల్లో కొద్దిగా కొవ్వు కూడా కాలుతోందని చెప్పవచ్చా? చెప్పకూడదు. పిపెట్టును ఒక్కొక్కసారి 0.01 మి.లీ. తేడాతో చదివే అవకాశం ఉంది, అటువంటి పాఠ్యాంకాలు ఈ లెక్కలో అనేకం ఉన్నాయి. అదీకాక వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత దూదిలోని నీటిలో కరుగుతుంది. నాళికలో దాని సాంద్రత ఒకటిన్నర శాతానికి చేరినప్పుడు 2 మి.లీ. నీటిలో కరిగేది సుమారు 0.02 మి.లీ. చుక్క జరిగింది సరిగ్గా అంతే. కనుక ఈ ఫలితాన్ని 1కి దగ్గరగా ఉందని, పిండిపదార్థ వినియోగంతో పొసగుతుందని మాత్రమే రాయాలి. తేడాను నిజంగా చూడాలంటే అదే అమరికలో మొలకెత్తిన ఆముదం గింజలు పెట్టాలి. వాటిలో చుక్క క్షారం లేకుండానే స్పష్టంగా లోపలికి నడుస్తుంది. కోషెంట్ 0.7కు దగ్గరగానో, అంతకంటే తక్కువగానో వస్తుంది. తక్కువ రావడానికి కారణం ఆ గింజలు కొవ్వును పూర్తిగా కాల్చకుండా కొంత భాగాన్ని చక్కెరగా మార్చుకోవడం. ఆ మార్పుకు ఆక్సిజన్ ఖర్చవుతుంది, కానీ దానికి తగినంత కార్బన్ డయాక్సైడ్ రాదు. ఆముదం గింజలు విషపూరితం, చేతి తొడుగులతోనే ముట్టుకోవాలి, పిల్లలకు అందకుండా ఉంచాలి.

చుక్క తప్పుదోవ పట్టినప్పుడు

చుక్క అసలు కదలకపోతే ముందుగా అనుమానించవలసింది గాలి కారడాన్ని. సిరంజితో ఆ నాళిక చుక్కను 0.1 మి.లీ. బయటికి నెట్టి చూడాలి. అది ఉన్నచోట నిలవకుండా కొద్దిసేపట్లోనే ఎటో జారిపోతే, లేదా సిరంజిని కదిపినా చుక్క స్పందించకపోతే బిరడా దగ్గరో కీలు దగ్గరో గాలి కారుతున్నట్టే. కారే నాళికలో చుక్క నిశ్చలంగా ఉండటాన్ని గింజలు చచ్చిపోయాయని చదవడం తరచుగా జరిగే పొరపాటు.

క్షార నాళికలో చుక్క బయటికి నడిస్తే తొట్టి వేడెక్కుతోందని అర్థం. ఒక మధ్యాహ్నం నా విద్యార్థుల మూడు చుక్కలూ ఒకేసారి బయటికి బయలుదేరాయి. కిటికీలోంచి ఎండ మెల్లగా బకెట్టు మీదికి వచ్చిందని గుర్తించేసరికి పావుగంట పోయింది. మూడూ ఒకే దిశలో, ఒకే వేగంతో కదిలితే కారణం బయట ఉంది. ఒక్కటే కదిలితే కారణం ఆ నాళికలో ఉంది. నాళికను చేత్తో పట్టుకోవడం, ఫ్యాను గాలి తొట్టిపై పడటం కూడా ఇలాంటి కదలికనే ఇస్తాయి.

క్షార నాళిక మొదట వేగంగా నడిచి క్రమంగా నీటి నాళికలాగే మందగిస్తే, క్షారం కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవడం మానేసిందని భావించాలి. 2 మి.లీ. ద్రావణం ఇంత తక్కువ సమయంలో అయిపోదని ముందే లెక్క చూశాం కాబట్టి దోషం వేరేచోట ఉంది. దూది కూరుకుపోయి ఉంటుంది, లేదా ద్రావణం సీసా చాలాకాలం తెరిచి ఉండి అప్పటికే కార్బొనేటుగా మారి ఉంటుంది. నియంత్రణ నాళిక కదలిక సమయం గడిచేకొద్దీ లోపలికి వేగం పుంజుకుంటే ఉడికిన గింజల మీద బ్యాక్టీరియా పెరుగుతోంది. వాటిని పారేసి కొత్తగా చేయాలి.

ఈస్టుతో ఇదే అమరికను వాడాలనుకునేవారు ఒక తేడా గమనించాలి. చక్కెర నీటిలో ఈస్టు కణాలు కరిగిన ఆక్సిజన్‌ను త్వరగా ఖాళీ చేసి కిణ్వనానికి మారుతాయి. అప్పుడు ఆక్సిజన్ తీసుకోకుండానే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. క్షారం ఉంచితే చుక్క కదలిక ద్రవంలోకి ఆక్సిజన్ ఎంత వేగంగా చొరబడుతోందో చెబుతుందే గాని ఈస్టు సామర్థ్యాన్ని చెప్పదు. కాబట్టి ఈస్టుకు క్షారం లేకుండా, చుక్క బయటికి నడిచే వేగాన్ని కొలవడమే సరైన పద్ధతి. ఆ వేగం కిణ్వనపు రేటు అని రాయాలి, ఆక్సిజన్ వినియోగం అని కాదు.

ఉష్ణోగ్రతను మార్చి చూడటం

శ్వాసక్రియ ఎంజైముల పని కాబట్టి ఉష్ణోగ్రతతో మారుతుంది. పది డిగ్రీలు పెరిగితే రేటు ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్యను క్యూ10 అంటారు. మొలకల్లో 20, 30 డిగ్రీల మధ్య ఇది 2కు దగ్గరగా ఉంటుంది. సూత్రం ఇది.

```
Q10 = (R2/R1)^(10/(T2 - T1))
```

30 డిగ్రీల దగ్గర 0.40, 20 డిగ్రీల దగ్గర 0.20 వస్తే విలువ సరిగ్గా 2. తొట్టి 22 డిగ్రీల దగ్గరే ఆగి అక్కడ 0.23 వచ్చినా సూత్రం దాదాపు అదే జవాబిస్తుంది, కాబట్టి మంచుముక్కలతో తొట్టిని సరిగ్గా 20కి తేవడానికి తంటాలు పడనవసరం లేదు. స్థిరంగా ఉండటమే ముఖ్యం.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. ఉదయం 20 డిగ్రీల దగ్గర కొలిచి, అవే మొలకలను మధ్యాహ్నం 30 డిగ్రీల దగ్గర కొలిస్తే రేటు పెరగడానికి వేడి కొంత కారణం, మొలక వయసు కొంత కారణం. ఈ రెండింటినీ ఆ తర్వాత విడదీయలేం. ఒకే గుత్తిలోని మొలకలను రెండుగా పంచి, రెండు తొట్టెల్లో ఒకే సమయంలో కొలవాలి, ప్రతి తొట్టెకూ దాని సొంత నియంత్రణ నాళిక ఉండాలి. పరికరాలు చాలకపోతే ఒక రోజు చల్లనిది ముందు, మరొక రోజు అదే వయసు మొలకలతో వేడిది ముందు చేసి సగటు తీసుకోవచ్చు.

ఫలితాన్ని రాసేటప్పుడు రేటుతో పాటు ఉష్ణోగ్రత, నానబెట్టినప్పటి నుంచి గడిచిన గంటలు, తాజా బరువా పొడి బరువా అన్నది తప్పక పేర్కొనాలి. రెండవ రోజు మొలకలో నీరు ఎక్కువ కాబట్టి తాజా బరువు గ్రాముకు లెక్కిస్తే రేటు తగ్గినట్టు కనిపించి, ఒక్కొక్క గింజకు లెక్కిస్తే పెరిగినట్టు కనిపించవచ్చు. రెండు వయసులను పోల్చదలచినవారు తూచిన 5 గ్రాముల్లో ఎన్ని గింజలున్నాయో నాళికలో పోయకముందే లెక్కపెట్టి రాసుకోవాలి.